‘రేపు వస్తుందండీ’ అని రాయొద్దు

ప్రశ్న: అక్కా, మాది నారాయణపేట. మగ్గం చీరలు వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి అమ్ముతాను. నెలకు నలభై దాకా పార్సిళ్లు పోతాయి. పోయిన వారం కాకినాడకు పంపిన చీర ఎనిమిది రోజులైనా చేరలేదు. ఆమె అడిగినప్పుడల్లా ‘రేపు వస్తుందండీ’ అన్నాను. నిన్న ఆమె గ్రూపులో ‘మోసం’ అని పెట్టింది. కొరియర్ వాళ్ల దగ్గర ఏమైందో నాకు మాత్రం ఏం తెలుసు? ఇట్లాంటప్పుడు కస్టమర్‌కు ఏమని రాయాలి?

జవాబు:

చెల్లెమ్మా, ఆమెతో ఆ మాట అనిపించింది నీ ‘రేపు’. మొదటి రేపు తప్పినప్పుడు ఆమె సర్దుకునే ఉంటుంది. మూడో రేపు కూడా తప్పేసరికి, అసలు చీర పంపిందా లేదా అన్న అనుమానం వచ్చింది. పార్సిల్ ఏ రోజు చేరుతుందో నీ చేతిలో లేదు. నీ చేతిలో ఉన్నవి రెండు: మళ్లీ ఎప్పుడు కబురు చెప్తావన్నది ఒకటి, ఏ తేదీ దాకా చూసి వేరే చీర పంపుతావో డబ్బు తిరిగి ఇస్తావో అన్నది రెండోది. మెసేజ్‌లో మాట ఇస్తే ఆ రెండింటికే ఇవ్వు.

రాసేముందు ట్రాకింగ్ చదవడం రావాలి. చాలామంది పైన పెద్ద అక్షరాల్లో ఉన్న In Transit చూసి ‘దారిలో ఉందండీ’ అని రాసేస్తారు. చివరి స్కాన్ తర్వాత ఇంకెక్కడా స్కాన్ కాకపోతే, పార్సిల్ లారీలో ఉన్నా గోడౌన్ మూలన పడి ఉన్నా తెర మీద అదే మాట ఉంటుంది. నువ్వు కిందికి జరిపి చివరి స్కాన్ ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎన్ని గంటలకు అయిందో చూడు. నీకు నిజంగా తెలిసింది అంతవరకే.

అట్లాగని స్కాన్ లేనంత మాత్రాన పోయినట్టు కాదు. చిన్న పార్సిళ్లను హబ్‌లో ఊరివారీగా ఒక పెద్ద సంచిలో వేసి సీల్ వేస్తారు. దారిలో స్కాన్ అయ్యేది ఆ సంచి. లోపలున్న నీ నంబరు, సంచి విప్పిన చోటే మళ్లీ కనిపిస్తుంది. అందుకే హైదరాబాద్ దాటాక ఒకటి రెండు రోజులు ఏ కదలికా లేకపోవడం మామూలే. మధ్యలో ఆదివారమో పండగో వస్తే ఇంకో రోజు కలుపుకోవాలి. నేను పెట్టుకున్న లెక్క ఏమిటంటే, రాష్ట్రం దాటే పార్సిల్‌కు చివరి స్కాన్ తర్వాత రెండు పూర్తి పనిరోజులు గడిస్తే కస్టమర్‌కు నేనే ముందు రాస్తాను, మూడో రోజు కొరియర్‌కు ఫిర్యాదు ఇస్తాను. అదే మాట ఆమె అడిగాక రాస్తే సంజాయిషీలా వినిపిస్తుంది.

ఒక్క చోట మాత్రం రెండు రోజులు ఆగొద్దు. లేబుల్ కొట్టగానే ట్రాకింగ్ నంబరు పుడుతుంది, కానీ పార్సిల్ ఇంకా కౌంటర్ వెనకే ఉంటుంది. మర్నాడు సాయంత్రానికి కూడా బుకింగ్ తప్ప ఇంకో స్కాన్ లేకపోతే అది నారాయణపేట దాటలేదనే అనుకో. ఫోన్ చేయకు, కౌంటర్‌కు పోయి కళ్లతో చూసి రా. ఉంటే ఆ రోజే బండి ఎక్కించి, ‘పార్సిల్ ఒక రోజు మా ఊళ్లోనే ఆగిపోయిందండీ, ఈ రోజు బయల్దేరింది, ఒక రోజు ఆలస్యమవుతుంది’ అని రాసేయ్.

ఇక నాకు జరిగింది చెప్తాను. నేను నల్లగొండ నుంచి పుట్టపాక చీరలు పంపుతాను. ఒక శ్రావణంలో విశాఖపట్నం కస్టమర్ ఒకామె వరలక్ష్మీ వ్రతానికి కట్టుకోవడానికి 4,800 రూపాయల చీర తీసుకుంది. వ్రతం 8వ తేదీ శుక్రవారం. జులై 28 సోమవారం బుక్ చేశాను, నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుందని చెప్పాను. మంగళవారం రాత్రి హైదరాబాద్ హబ్‌లో స్కాన్ అయింది. బుధవారం ఏమీ లేదు, గురువారమూ లేదు. ఆమె ఇంకా అడగలేదు. గురువారం సాయంత్రం నేనే ఇట్లా రాశాను:

‘నమస్తే అండీ. మీ చీర పార్సిల్ మంగళవారం (29వ తేదీ) రాత్రి హైదరాబాద్ హబ్‌కు చేరింది. ఆ తర్వాత రెండు రోజులుగా ట్రాకింగ్‌లో కదలిక లేదు. శుక్రవారం (1వ తేదీ) ఉదయానికి కూడా మారకపోతే కొరియర్‌లో ఫిర్యాదు ఇస్తాను. ఏ సంగతైనా శుక్రవారం సాయంత్రం 6 లోపు మీకు రాస్తాను. అప్పటిదాకా మీరు చేయాల్సింది ఏమీ లేదు. చీర మీ చేతికి వచ్చేదాకా బాధ్యత నాదే.’

ఇందులో ‘రేపు’ ఎక్కడా లేదు, గమనించు. రాత్రి పదింటికి పంపిన మెసేజ్‌ను ఆమె పొద్దున లేచి చదివితే నీ రేపు ఆమెకు ఎల్లుండి అవుతుంది. వారం పేరు, తేదీ రెండూ రాస్తే ఆ చిక్కు లేదు. ‘మీరు చేయాల్సింది ఏమీ లేదు’ అన్న వాక్యం ఎందుకంటే, అది లేకపోతే ఆమె కొరియర్ వాళ్లకు ఫోన్లు చేస్తూ టెన్షన్ పడుతుంది. బుక్ చేసింది నువ్వు, రసీదు నీ పేరు మీద ఉంది, కాబట్టి చాలాచోట్ల వాళ్లు ఫిర్యాదు పంపినవాళ్ల దగ్గరే తీసుకుంటారు. ఆమె ఫోన్ చేసినా ‘పంపినవాళ్లను అడగండి’ అంటారు. చివరి వాక్యం కూడా అందుకే. డబ్బు ఆమె నీకు ఇచ్చింది, కొరియర్‌కు కాదు. ‘తప్పు వాళ్లదండీ, నేనేం చేయను’ అని రాస్తే అది నిజమే అయినా ఆమెకు దారి మూసేసినట్టు ఉంటుంది.

శుక్రవారం పొద్దున ఫిర్యాదు ఇచ్చాను. ‘నా పార్సిల్ రాలేదు’ అంటే వాళ్లు ‘చూస్తామమ్మా’ అంటారు, అక్కడితో సరి. నేను ట్రాకింగ్ నంబరు, బుక్ చేసిన తేదీ, బరువు, చీర వెల రాసిన బిల్లు, నీలం రంగు ప్లాస్టిక్ కవర్ మీద బ్రౌన్ టేప్ అడ్డంగా రెండు చుట్లు వేసిన ఫోటో మెయిల్‌లో పెట్టి ఒకే ప్రశ్న అడిగాను: హైదరాబాద్‌లో సీల్ వేసిన సంచి విశాఖలో విప్పారా, విప్పితే అందులో నా నంబరు ఉందా? ఈ ప్రశ్నకు ఎవరో ఒకరు లేచి వెళ్లి చూసి జవాబు చెప్పాలి. లేబుల్ ఊడిపోయిన పార్సిళ్లు హబ్‌లో ఒక పక్కన పడి ఉంటాయి. అక్కడ వెతికేవాడికి నంబరు పనికిరాదు, కవర్ రంగూ టేపూ పనికొస్తాయి. అందుకే బుక్ చేసే ముందు ప్రతి పార్సిల్‌కూ ఒక ఫోటో తీసుకో.

ఆ సాయంత్రం ఐదున్నరకు రెండో మెసేజ్ పెట్టాను:

‘అండీ, చెప్పినట్టే రాస్తున్నాను. ట్రాకింగ్ ఇంకా మారలేదు. ఈ రోజు 11 గంటలకు ఫిర్యాదు ఇచ్చాను, దాని నంబరు విడిగా పంపుతున్నాను. వాళ్లు వెతికి చెప్పడానికి ఎన్ని రోజులు పడుతుందో తెలియదు. మీకు చీర 8వ తేదీకి కావాలి కాబట్టి నేను సోమవారం (4వ తేదీ) ఉదయం 11 దాకానే చూస్తాను. అప్పటికీ ఆచూకీ లేకపోతే వేరే చీర పంపమంటే పంపుతాను, వద్దంటే పూర్తి డబ్బు అదే రోజు తిరిగి వేస్తాను. సరిగ్గా అదే డిజైన్ ఇంకొకటి లేదు. దానికి దగ్గరగా ఉన్న రెండు చీరల ఫోటోలు పెడుతున్నాను. సోమవారం లోపు ఆలోచించుకోండి.’

ఈ 4వ తేదీ ఎట్లా వచ్చిందో చెప్తాను, అసలు కీలకం అక్కడే ఉంది. చాలామంది కొరియర్ వాళ్ల విచారణ ముగిసేదాకా ఆగి అప్పుడు నిర్ణయం చెప్తారు. విచారణ రెండు వారాలు సాగవచ్చు, ఆలోపు వ్రతం అయిపోతుంది. నేను వెనక నుంచి లెక్కపెట్టాను. 8న వ్రతం. 7వ తేదీ సాయంత్రానికి చీర ఆమె చేతిలో ఉండాలి. వేగంగా పంపినా మూడు రోజులు కావాలి. కాబట్టి నేను ఆగగలిగేది 4వ తేదీ పొద్దున దాకా. ఆర్డర్ తీసుకునేటప్పుడే ‘ఏ తేదీకి కావాలండీ’ అని అడిగి రాసుకున్నాను కాబట్టే ఈ లెక్క కుదిరింది. ఏ సందర్భమూ లేని ఆర్డర్‌కైతే నువ్వు చెప్పిన గడువు దాటాక నాలుగు రోజులు ఆగు, ఐదో రోజు నిర్ణయం చెప్పెయ్.

సోమవారం 11 దాకా జవాబు రాలేదు. ఆమె రెండో ఫోటోలోని చీర అడిగింది. ఆ మధ్యాహ్నమే మా తమ్ముడి చేత హైదరాబాద్‌లో ఎక్స్‌ప్రెస్ సర్వీసులో బుక్ చేయించాను. మెసేజ్ చిన్నగా రాశాను, కొత్త నంబరు, బుక్ చేసిన సమయం, దానికి అదనంగా ఏమీ తీసుకోవడం లేదన్న మాట. ఒక్క వాక్యం మాత్రం మర్చిపోకుండా చేర్చాను: ‘పాత పార్సిల్ ఎప్పుడైనా మీ ఇంటికి వస్తే తీసుకోకుండా తిప్పి పంపించండి, అది నా దగ్గరకు వచ్చేస్తుంది.’ ఇది ముందే రాయకపోతే తర్వాత రెండు చీరలూ చేరి, ఒకటి వెనక్కి పంపమని అడగాల్సి వస్తుంది. అప్పుడు ఖర్చు ఎవరిదన్న పేచీ. కొత్త చీర 6వ తేదీ బుధవారం చేరింది.

డబ్బు తిరిగి ఇవ్వాల్సి వస్తే వేశాకే రాయి. ‘వేస్తున్నాను’ అన్న మాట కూడా ఇంకో ‘రేపు’ లాంటిదే. ఆమె ఏ నంబరు నుంచి కట్టిందో అదే నంబరుకు, డెలివరీ చార్జీతో సహా వేసి, ‘4,800 చీరకు, 90 డెలివరీకి, మొత్తం 4,890 రూపాయలు ఇప్పుడే మీ నంబరుకు వేశాను’ అని రాసి, యాప్‌లో UTR అని కనిపించే పన్నెండు అంకెల నంబరు కూడా పంపు. డబ్బు కనిపించలేదంటే ఆమె బ్యాంకులో చూపించగలిగేది ఆ నంబరే.

‘పోయింది’ అన్న మాట ఎప్పుడు రాయాలని నువ్వు అడుగుతావు. కొరియర్ వాళ్లు రాతపూర్వకంగా దొరకలేదని చెప్పినప్పుడే. అప్పటిదాకా ‘ఆచూకీ తెలియలేదు’ అనే రాయి. కానీ ఆ రెండు మాటల మధ్య ఆమెను వేలాడదీయకు. ‘వాళ్లు ఇంకా పోయిందని రాసివ్వలేదు, మీరు మాత్రం దానికోసం ఆగాల్సిన పని లేదు’ అంటే చాలు. వాళ్లు రాసిచ్చాక వచ్చే పరిహారం సంగతి కస్టమర్‌కు చెప్పనే వద్దు, అది నీకూ కొరియర్‌కూ మధ్య విషయం. పైగా అది నీ నష్టం పూడ్చదు. స్పీడ్ పోస్ట్‌లో పార్సిల్ పోతే, విడిగా బీమా చేయకుంటే, కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, రెండింట్లో ఏది తక్కువైతే అది ఇస్తారు. ప్రైవేటు కొరియర్ల పరిమితి రసీదు వెనక సన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకసారి కళ్లద్దాలు పెట్టుకుని చదువు. ఎంత వెల దాటితే బీమా చేయించాలో అప్పుడు నీకే తెలుస్తుంది.

నా పాత పార్సిల్ పదకొండు రోజుల తర్వాత దొరికింది, తిరిగి నల్లగొండకు వచ్చింది. లేబుల్ ఉన్న చోట జిగురు మరక, దానికి అంటుకున్న కాగితం పీలిక మిగిలాయి. ఒక మూల కవర్ కోసి, మళ్లీ వాళ్ల టేపు వేసి, మార్కర్‌తో నా ఫోన్ నంబరు రాశారు. ఆ నంబరు వాళ్లకు లోపల దొరికింది. చీర మడత మీద నేనూ కస్టమరూ ఇద్దరి చిరునామాలు, ఫోన్ నంబర్లు రాసిన చీటీ పెట్టాను. ఆ చీటీ లేకుంటే ఆ చీర ఎవరిదో ఎవరికీ తెలిసేది కాదు. నువ్వు కూడా ప్రతి పార్సిల్‌లో ఒకటి పెట్టు.

కొన్ని ఆలస్యాల్లో కస్టమరే ఒక పని చేయాల్సి ఉంటుంది. ట్రాకింగ్‌లో Undelivered అని వచ్చి, కింద ఇంట్లో ఎవరూ లేరని కారణం కనిపిస్తే ఆ గంటలోనే రాయాలి. సాధారణంగా రెండు మూడు ప్రయత్నాల తర్వాత పార్సిల్ వెనక్కి తిరుగుతుంది, అప్పుడు తెర మీద RTO అని పడుతుంది, ఇక దాన్ని ఆపడం కష్టం. ‘మీరు ఇంట్లో లేరట’ అని రాస్తే నింద వేసినట్టు ఉంటుంది. చాలాసార్లు డెలివరీ అబ్బాయి ఆ వీధికి వెళ్లకుండానే అట్లా నొక్కుతాడు. ‘ఈ రోజు 3:40కి ఇంట్లో ఎవరూ లేరని కొరియర్ వాళ్లు రాశారు. మీకు ఫోన్ వచ్చిందా అండీ? మళ్లీ ఏ తేదీన, ఏ సమయంలో, ఏ నంబరుకు చేయమని చెప్పను? ఈ రాత్రి 8 లోపు చెప్తే వాళ్లకు ఇప్పుడే రాస్తాను’ అని అడుగు. ఆమె ఫోనే రాలేదంటే ఆ మాటనే ఫిర్యాదులో పెట్టు.

నీ ఊరి పేరుతో ఇంకో చిక్కు ఉంది. నారాయణపేటకు తిరిగి రావాల్సిన పార్సిల్ నారాయణఖేడ్‌కు పోతుంది. నీ పిన్ 509తో మొదలవుతుంది, నారాయణఖేడ్ ఉన్న సంగారెడ్డి వైపుది 502తో. లేబుల్ మీద పిన్ పెద్దగా రాయించు. పార్సిల్ దారి తప్పిందని తెలిస్తే కస్టమర్‌కు అదే మాట రాయి: ‘పార్సిల్ పొరపాటున వేరే ఊరికి వెళ్లింది, దొరికింది, అక్కడి నుంచి మళ్లిస్తున్నారు.’ ఎక్కడుందో తెలిస్తే మనుషులు ఓపిక పడతారు.

పార్సిల్ ఆలస్యమైన రోజుల్లోనే మోసగాళ్ల మెసేజ్‌లు కూడా పడతాయి. ‘మీ చిరునామా సరిగా లేదు, ఈ లింక్ నొక్కి 5 రూపాయలు కట్టండి’ అని వస్తుంది. అసలే చీర కోసం చూస్తున్న మనిషి వెంటనే నొక్కుతుంది. అందుకని నీ మొదటి మెసేజ్ చివర ‘ఈ పార్సిల్ కోసం నేను గానీ కొరియర్ గానీ లింక్ పంపి డబ్బు అడగం’ అని ఒక వాక్యం చేర్చు. నువ్వు కూడా లింకులు పంపకు. కొరియర్ పేరు ఒక మెసేజ్‌లో, ట్రాకింగ్ నంబరు ఒక్కటే ఇంకో మెసేజ్‌లో పంపితే ఆమె కాపీ చేసుకుని వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకుంటుంది. అప్పటికే డబ్బు పోగొట్టుకుంటే 1930కి వెంటనే ఫోన్ చేయమని చెప్పు.

ఈ మెసేజ్‌లు ప్రతిసారీ కొత్తగా రాయనక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్‌లో Quick replies అని ఉంటుంది, అక్కడ దాచుకుని /late అని కొడితే మొత్తం వచ్చేస్తుంది. తేదీ, ఊరు రాయాల్సిన చోట నక్షత్రాలు పెట్టుకో. పంపే ముందు నక్షత్రాలు ఏవైనా మిగిలాయా అని ఒకసారి చూడు. నేను ఒకసారి అట్లాగే పంపేశాను, ‘మీ పార్సిల్ * తేదీన *లో’ అని చదివినామెకు నేను తన పార్సిల్ చూడనే లేదని అర్థమైపోయింది. వాయిస్ మెసేజ్ కన్నా రాతే మంచిది, ఆమె ఇంట్లో వాళ్లకు చూపించుకోవచ్చు, నువ్వు అన్నది ఏమిటో ఇద్దరికీ ఉంటుంది.

ఇప్పుడు కాకినాడ ఆమె సంగతి. గ్రూపులో ఏమీ వాదించకు, కొరియర్ స్క్రీన్‌షాట్లు పెట్టకు. ముందు చివరి స్కాన్ చూడు, కౌంటర్‌కు పోయి ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకో. అది చేతిలో పట్టుకుని ఆమెకు విడిగా రాయి:

‘అండీ, నాలుగు రోజులుగా రేపు వస్తుందని చెప్పాను. నిజంగా ఎప్పుడు వస్తుందో తెలియకుండానే చెప్పాను, అది నా తప్పు. మీ పార్సిల్ చివరిసారి ఫలానా తేదీన ఫలానా ఊళ్లో స్కాన్ అయింది, ఆ తర్వాత ఎక్కడుందో కొరియర్ వాళ్లు చెప్పలేకపోతున్నారు. ఈ రోజు ఫిర్యాదు ఇచ్చాను, నంబరు కింద ఉంది. మిమ్మల్ని ఇంక ఆగమని అడగను. వేరే చీర పంపమంటారా, డబ్బు వేయమంటారా? మీరు ఏది చెప్తే అది ఈ రోజే చేస్తాను.’

ఆమె ఏది కోరితే అది ఆ రోజే చెయ్. చేశాక, గ్రూపులో ఒకే ఒక వాక్యం పెట్టు, అదీ ఆమెను అడిగాక: ‘వారి పార్సిల్ ఆలస్యమైంది, ఈ రోజు డబ్బు తిరిగి ఇచ్చాను.’